ఐకాన్ ప్యాక్ వేసినా సగం ఐకాన్లు మారనప్పుడు

ప్రశ్న: కొత్త లాంచర్ పెట్టి, చూడగానే నచ్చిన ఒక గీతల ఐకాన్ ప్యాక్ వేశాను. సగం ఐకాన్లు మారాయి, మిగతా సగం పాత రంగుల్లోనే ఉన్నాయి. ఇప్పుడు స్క్రీన్ ముందుకన్నా అధ్వానంగా ఉంది. యాప్‌లు ఏవీ తీసెయ్యకుండా, మార్చకుండా, ఫోన్ రూట్ చెయ్యకుండా అన్నీ ఒకే తీరులో కనిపించాలంటే ప్యాక్‌ను, లాంచర్ సెట్టింగ్‌లను ఎలా ఎంచుకోవాలి?

సమాధానం:

ఐకాన్ ప్యాక్ మీ యాప్‌లలో దేనినీ ముట్టుకోదు. ముట్టుకునే అధికారం ఆండ్రాయిడ్ దానికి ఇవ్వదు కూడా. ఐకాన్ ప్యాక్ అంటే కొన్ని బొమ్మలు, ఏ బొమ్మ ఏ యాప్‌ది అని చెప్పే ఒక జాబితా ఉన్న మరో చిన్న యాప్ మాత్రమే. హోమ్ స్క్రీన్‌ను గీసే పని లాంచర్‌ది కనుక, అది ఒక్కో యాప్‌నూ గీసే ముందు ఆ జాబితాను తిరగేసి, యాప్ పేరు అందులో ఉంటే ప్యాక్‌లోని బొమ్మను, లేకపోతే యాప్ సొంత బొమ్మను పెడుతుంది. మీ స్క్రీన్ మీద సగం మారి సగం మారకపోవడానికి కారణం ఇంతే: ఆ సగం యాప్‌లు జాబితాలో లేవు, లేదా వేరే పేరుతో ఉన్నాయి.

ఆ జాబితా `appfilter.xml` అనే ఫైల్‌లో ఉంటుంది. అందులో ఒక వరుస ఇలా కనిపిస్తుంది:

```
<item component="ComponentInfo{org.telegram.messenger/org.telegram.messenger.DefaultIcon}" drawable="telegram" />
```

ఏటవాలు గీతకు ముందున్నది యాప్ ప్యాకేజీ పేరు, తరువాతది ఐకాన్‌ను నొక్కినప్పుడు తెరుచుకునే యాక్టివిటీ పేరు, చివరిది ప్యాక్‌లోని బొమ్మ పేరు. ప్యాకేజీ, యాక్టివిటీ పేర్లు రెండూ అక్షరం పొల్లు పోకుండా కలిస్తేనే బొమ్మ మారుతుంది. తెర మీద కనిపించే యాప్ పేరుతో లాంచర్‌కు ఇక్కడ పని లేదు. ప్యాక్‌లో బొమ్మ ఉండడం ఒక సంగతి, ఆ బొమ్మకు మీ యాప్‌తో ముడి పడి ఉండడం మరో సంగతి అన్న తేడాను గుర్తుంచుకోండి, ఎందుకంటే తరువాత చేయవలసిన పనంతా దాని మీదే ఆధారపడి ఉంటుంది.

జాబితాలో లేని యాప్‌ల కోసం ప్యాక్ తయారుచేసినవారు ఇంకొక ఏర్పాటు చేయవచ్చు. అదే ఫైల్‌లో ఈ వరుసలు ఉంటాయి:

```
<iconback img1="iconback" />
<iconmask img1="iconmask" />
<iconupon img1="iconupon" />
<scale factor="0.7" />
```

అంటే, బొమ్మ దొరకని యాప్ సొంత ఐకాన్‌ను డెబ్బై శాతానికి తగ్గించి, దాని వెనుక ప్యాక్‌వారి పలకను ఉంచి, అంచులను కత్తిరించి, పైన ఒక మెరుపో నీడో అద్దమని లాంచర్‌కు చెప్పడం. పలక మీద బొమ్మ ఉండే ప్యాక్‌లలో, అంటే ప్రతి ఐకాన్‌కూ ఒకే రంగు గుండ్రటి లేదా చదరపు నేల ఉండే వాటిలో, ఈ ఏర్పాటు బాగానే పనిచేస్తుంది. లోపలి బొమ్మ పాతదే అయినా చుట్టూ ఉన్న పలక ఒకటే కనుక కంటికి పెద్దగా తేడా తెలియదు. గీతల ప్యాక్‌లకు నేలే ఉండదు. వెనుక పెట్టడానికి పలక లేదు, ఉన్న రంగుల ఐకాన్‌ను గీతగా మార్చే ఉపాయమూ ఈ వరుసలలో లేదు. అందుచేత గీతల ప్యాక్‌లో జాబితాకు అందని ప్రతి యాప్ తెల్లగోడ మీద రంగు మరకలా నిలబడి కనిపిస్తుంది. మీరు చూస్తున్నది అదే.

పలక ప్యాక్‌లోనూ ఒక చిక్కు ఉంది. 2017లో వచ్చిన ఆండ్రాయిడ్ 8.0 నుంచి యాప్ ఐకాన్‌ను రెండు పొరలుగా ఇస్తున్నారు. డీపీ అంటే తెర ఏదైనా దాదాపు ఒకే పరిమాణం వచ్చేలా ఆండ్రాయిడ్ వాడే కొలత. ఒక్కో పొర 108 డీపీల చదరం, అందులో నడిమి 72 డీపీలే కనిపిస్తాయి, ఆ భాగాన్ని ఏ ఆకారంలో కత్తిరించాలో లాంచర్ నిర్ణయిస్తుంది. ఇలా ముందే గుండ్రంగా కత్తిరించిన ఐకాన్‌ను మళ్ళీ తగ్గించి ప్యాక్ పలక మీద పెడితే, పళ్ళెంలో పళ్ళెం పెట్టినట్టు ఉంటుంది. అలా కనిపిస్తే లాంచర్ ఐకాన్ సెట్టింగ్‌లలో ప్యాక్‌లో లేని ఐకాన్లకు ముసుగు వేసే ఎంపిక ఉందేమో చూసి దాన్ని ఆపేయండి. ఆ తరువాత ఐకాన్ల ఆకారాన్ని ప్యాక్ పలక ఆకారంతో సమానంగా పెట్టండి. ప్యాక్ పలక గుండ్రనిదైతే వృత్తం, మూలలు మెత్తగా ఉంటే గుండ్రటి మూలల చదరం ఎంచుకోవాలి. అప్పుడు జాబితాలో లేని యాప్‌లకు రంగు వేరైనా ఆకారమైనా కలుస్తుంది.

ఇక ఎంపిక సంగతి. ప్యాక్ పేజీలో ఇన్ని వేల ఐకాన్లు అని రాసిన అంకెను నేను పట్టించుకోను. అందులో మీరెన్నడూ వాడని యాప్‌లు ఉంటాయి, ఒకే యాప్‌కు నాలుగైదు ప్రత్యామ్నాయ బొమ్మలు ఉంటాయి. లెక్కించవలసింది మీ హోమ్ స్క్రీన్ మీద ఉన్నవాటిని. వంద యాప్‌లున్న ఫోన్‌లో కూడా హోమ్ స్క్రీన్ మీద, డాక్‌లో కలిపి సాధారణంగా ఇరవై, ఇరవై అయిదుకు మించి ఉండవు. ఆ పేర్లను ఒక కాగితం మీద రాసుకోండి. యాప్ డ్రాయర్‌లో ఉన్నవి ఎలా ఉన్నా ఫరవాలేదనుకుంటే పని ఎంతో తేలికవుతుంది. ఆ తరువాత ప్యాక్‌ను వేసి, మారనివి ఎన్నో లెక్కపెట్టి, మారని ఒక్కొక్క దాని పేరునూ ప్యాక్ యాప్‌లోని వెతికే పెట్టెలో కొట్టి చూడండి. ఉచితంగా దొరికే గీతల ప్యాక్‌తో ప్రయోగం చేయాలంటే ఆర్క్‌టికాన్స్ మంచి మొదలు. అది ఓపెన్ సోర్స్, ఎఫ్-డ్రాయిడ్ అనే ఉచిత యాప్‌ల దుకాణంలోనూ దొరుకుతుంది. డబ్బు పెట్టి కొనే ప్యాక్‌ను మాత్రం ఈ లెక్క కోసం మొదటి రోజే వాడుకోవాలి, వాపసు ఇచ్చే గడువు చాలా కొద్దిసేపే ఉంటుంది కాబట్టి.

మా అన్నయ్య ఫోన్‌ను ఇలాగే సర్దినప్పుడు ఏం జరిగిందో చెబుతాను. ఆయన స్క్రీన్ మీద పద్దెనిమిది, డాక్‌లో అయిదు, మొత్తం ఇరవై మూడు ఐకాన్లు ఉండేవి. ఆయనకు నచ్చిన గీతల ప్యాక్ వేయగానే పద్నాలుగు వాటంతట అవే మారాయి, తొమ్మిది మిగిలాయి. ఆ తొమ్మిదింటిలో నాలుగింటికి ప్యాక్‌లో బొమ్మలు ఉన్నాయి, కాని ముడి లేదు. వాటిని చేత్తోనే సరిచేశాను. హోమ్ స్క్రీన్ మీద ఐకాన్‌ను నొక్కి పట్టుకుని, సవరించే ఎంపికలోకి వెళ్ళి, ఐకాన్ బొమ్మ మీద నొక్కితే ఉన్న ప్యాక్‌లన్నీ కనిపిస్తాయి. కావలసిన ప్యాక్ తెరిచి, బొమ్మను పేరుతో వెతికి ఎంచుకోవాలి. నోవా, లాన్‌చైర్ అనే లాంచర్లు రెండింటిలోనూ ఈ పద్ధతి దాదాపు ఒకటే. నాలుగింటికీ కలిపి అయిదు నిమిషాలు కూడా పట్టలేదు.

మరో రెండు అసలు యాప్‌లే కావు, క్రోమ్ నుంచి హోమ్ స్క్రీన్‌కు చేర్చిన వెబ్‌సైట్లు. వీటిని క్రోమ్ ఒక చిన్న యాప్‌గా మార్చి పెట్టినప్పుడు ప్యాకేజీ పేరు `org.chromium.webapk` అని మొదలై, తరువాత అర్థం లేని అక్షరాల వరుసతో ముగుస్తుంది. అటువంటి పేరును ఏ ప్యాక్ తయారీదారూ ముందుగా ఊహించి జాబితాలో రాయలేరు, కాబట్టి ఇవి ఏ ప్యాక్‌తోనూ వాటంతట అవి మారవు. ఒకదానికి ప్యాక్‌లోని వార్తాపత్రిక బొమ్మను, రెండవదానికి భూగోళం బొమ్మను చేత్తో పెట్టాను. అన్నయ్య అంతకుముందు ఈ పని కోసం షార్ట్‌కట్లు తయారుచేసే యాప్ ఒకటి ప్రయత్నించారట. ఆండ్రాయిడ్ 8.0 నుంచి అలా పుట్టిన షార్ట్‌కట్ మూలన దాన్ని పుట్టించిన యాప్ ముద్ర చిన్నగా పడుతుంది. ప్రకటనల గొడవ ఎలాగూ ఉంటుంది. లాంచర్ సవరణ ఉండగా ఆ దారి పట్టవలసిన అవసరం లేదు.

మిగిలిన మూడింటికి బొమ్మా లేదు, ముడీ లేదు. చాలా ప్యాక్‌లలో అక్షరాల బొమ్మలు ఉంటాయి కాబట్టి ఒకదానికి దాని పేరులోని మొదటి అక్షరం పెట్టాను. రెండవదాన్ని ఆయన నెలకొకసారి కూడా తెరవరు, డ్రాయర్‌లోకి పంపాము. మూడవదాని కోసం ప్యాక్‌లోనే ఉన్న కోరిక పంపే ఎంపికను వాడాము. అది యాప్ బొమ్మనూ పూర్తి పేరునూ కలిపి తయారీదారుకు పంపుతుంది. బొమ్మ ఎప్పుడు వస్తుందన్నది వారి వీలును బట్టి ఉంటుంది, కనుక అంతవరకు దానికీ ఒక అక్షరమే దిక్కయింది.

ఈ అనుభవం తరువాత నేను ఒక కొలత పెట్టుకున్నాను. చేత్తో సరిచేయగలిగినవి పోను, మీ జాబితాలో నాలుగో వంతుకు మించి అనాథలుగా మిగిలితే గీతల ప్యాక్ మీద ఆశ వదులుకుని పలక ప్యాక్ వెతకడం మంచిది. గీతల సొగసు పలకకు రాదన్న మాట నిజమే. అయినా అన్నీ కలిసిన మామూలు స్క్రీన్ ముందు, సగం కలవని అందమైన స్క్రీన్ ఎప్పుడూ తేలిపోతుంది.

ప్యాక్ తేలాక లాంచర్ సెట్టింగ్‌లను ఒక వరుసలో మార్చాలి, లేకపోతే ఒకటి సరిచేస్తే మరొకటి చెడుతూ ఉంటుంది. మొదట గ్రిడ్, తరువాత ఐకాన్ పరిమాణం, తరువాత లేబుళ్ళు, చివరికి వాల్‌పేపర్. 1080 పిక్సెళ్ళ వెడల్పు, 420 డీపీఐ ఉన్న తెర సుమారు 411 డీపీల వెడల్పు ఉంటుంది. నాలుగు నిలువు వరుసలు పెడితే ఒక్కో గడికి నూరు డీపీలకు కాస్త పైన, అయిదు పెడితే ఎనభై రెండు డీపీలు వస్తాయి, అంచుల ఖాళీ తీసేస్తే ఇంకొంత తగ్గుతుంది. అరవై డీపీల ఐకాన్‌కు అయిదు వరుసల గ్రిడ్‌లో అటూ ఇటూ పది డీపీలే గాలి మిగులుతుంది. పలక ప్యాక్‌లో ప్రతి ఐకాన్ తన చోటును నిండుగా ఆక్రమిస్తుంది కాబట్టి ఆ గ్రిడ్‌లో ఇరుకుగా కనిపిస్తుంది. దానికి నాలుగు వరుసలైనా పెట్టాలి, ఐకాన్ పరిమాణాన్ని తొంభై శాతానికైనా తగ్గించాలి. గీతల బొమ్మలు నిజంగా ఉన్నదానికన్నా చిన్నగా కనిపిస్తాయి, కాబట్టి వాటికి అయిదు వరుసలు పెట్టి, పరిమాణాన్ని నూటపది శాతం దాకా పెంచినా ఇబ్బంది ఉండదు. ఈ శాతాలు నా కంటికి కుదిరినవి, మీరు అయిదేసి శాతం చొప్పున మార్చి చూసుకోండి. ఐకాన్ల పరిమాణాన్ని సమం చేసే ఎంపిక మీ లాంచర్‌లో ఉంటే, ప్యాక్‌కు అందని ఐకాన్లు పక్కవాటికన్నా ఉబ్బెత్తుగా కనిపించినప్పుడు దాన్ని వేయండి.

లేబుళ్ళను హోమ్ స్క్రీన్ మీద తీసేసి, డ్రాయర్‌లో ఉంచండి. ఈ రెండు చోట్లకూ చాలా లాంచర్లలో వేర్వేరు ఎంపికలు ఉంటాయి. అయితే గీతల ప్యాక్ వేసినప్పుడు రంగు పోతుంది, మనం యాప్‌లను సగం రంగుతోనే గుర్తుపడతాము, కాబట్టి మొదటి వారం లేబుళ్ళు ఉంచి, చోట్లు చేతికి అలవాటయ్యాక తీసేయడం నయం. అన్నయ్య మొదటి రోజే తీసేయించుకుని, ఫోన్ చేయబోయి కెమెరా తెరుస్తూ రెండు రోజులు నన్ను తిట్టుకున్నారు.

వాల్‌పేపర్ విషయంలో ఒక్కటే చూడాలి. తెల్ల గీతల ప్యాక్‌కు ఐకాన్లు వచ్చే చోటంతా ముదురుగా, నల్ల గీతలకు లేతగా ఉండాలి. సగం ఆకాశం, సగం అడవి ఉన్న ఫోటో మీద పై వరుసో కింది వరుసో తప్పకుండా మాయమవుతుంది. ఆండ్రాయిడ్ 12 నుంచి వాల్‌పేపర్ రంగులను తీసుకునే ప్యాక్‌లు కొన్ని వచ్చాయి. అవి ఈ ఇబ్బందిని తగ్గిస్తాయి, కాని చాలా లాంచర్లలో వాల్‌పేపర్ మార్చాక పాత రంగే నిలిచిపోతుంది. వేరే ప్యాక్‌కు మారి, మళ్ళీ దానికే వస్తే కొత్త రంగు పడుతుంది.

కొన్ని వారాల తరువాత ఏదో ఒక ఐకాన్ ఉన్నట్టుండి పాత రూపానికి తిరిగి రావచ్చు, లేదా హోమ్ స్క్రీన్ మీద నుంచి మాయం కావచ్చు. యాప్ అప్‌డేట్‌లో యాక్టివిటీ పేరు మారితే జాబితాలోని ముడి తెగిపోతుంది. తన ఐకాన్‌ను తానే మార్చుకునే సౌకర్యం ఉన్న యాప్‌లలో ఇది మరీ సహజం. టెలిగ్రామ్ సెట్టింగ్‌లలో వేరే ఐకాన్ ఎంచుకున్నారంటే, `DefaultIcon` అనే పేరు మూతబడి మరో పేరు తెరుచుకుంటుంది, ప్యాక్‌లో ఆ రెండవ పేరు లేకపోతే బొమ్మ పోతుంది. అటువంటి యాప్‌లో ఐకాన్‌ను మొదటిదానికే మార్చి ఉంచితే సరిపోతుంది. ఇతర యాప్‌లలో ఏ పేరు నడుస్తున్నదో తెలుసుకోవాలనుకుంటే, ఫోన్‌ను కంప్యూటర్‌కు కలిపి, యూఎస్‌బీ డీబగ్గింగ్ వేసి, కంప్యూటర్‌లోని adb అనే సాధనంతో, చివర ఆ యాప్ ప్యాకేజీ పేరు పెట్టి ఇలా అడగవచ్చు:

```
adb shell cmd package resolve-activity --brief org.telegram.messenger
```

చివరి వరుసలో వచ్చేదే ఇప్పటి పేరు. ఏటవాలు గీత తరువాతి భాగం చుక్కతో మొదలైతే, ఆ చుక్కకు ముందు ప్యాకేజీ పేరు ఉన్నట్టు చదువుకోవాలి. కోరిక పంపేటప్పుడు ఈ పేరును జత చేస్తే తయారీదారుకు వెతికే పని తప్పుతుంది. అంత ఓపిక లేకపోతే ఐకాన్‌ను మళ్ళీ చేత్తో పెట్టుకోండి, ఫలితం ఒకటే.

ఎంత సర్దినా మారనివి కొన్ని ఉన్నాయి. నోటిఫికేషన్లలో, ఫోన్ సెట్టింగ్‌లలో, ఇతరులకు పంపే షేర్ జాబితాలో యాప్ సొంత బొమ్మే కనిపిస్తుంది, ఎందుకంటే ఆ చోట్లను గీసేది లాంచర్ కాదు. ఆండ్రాయిడ్ 12 నుంచి యాప్ తెరుచుకునేటప్పుడు ఒక్క క్షణం నడుమ మెరిసే ఐకాన్ కూడా సాధారణంగా అసలుదే. ఇటీవలి యాప్‌ల తెర ఫోన్‌తో వచ్చిన లాంచర్ చేతిలోనే ఉంటుంది, సైగలతో నడిపే ఫోన్‌లలో హోమ్‌కు వచ్చేటప్పుడు కదలిక కాస్త తడబడేది అందుకే. చికాకు పడి ఆ పాత లాంచర్‌ను కంప్యూటర్ ద్వారా ఆపేసేవారు ఉన్నారు. అప్పుడు ఇటీవలి యాప్‌ల తెరే రాకుండా పోతుంది, దాని జోలికి వెళ్ళకండి.

లాంచర్ మార్చడమే ఇష్టం లేకపోతే దారి ఫోన్‌ను బట్టి ఉంటుంది. శామ్‌సంగ్ ఫోన్‌లలో గుడ్ లాక్‌లోని థీమ్ పార్క్ ద్వారా ఫోన్ సొంత లాంచర్‌కే ఐకాన్ ప్యాక్ వేయవచ్చు. పిక్సెల్ లాంచర్ ప్యాక్‌లను తీసుకోదు. అందులో ఉన్నది 2022లో ఆండ్రాయిడ్ 13తో అన్ని యాప్‌లకూ తెరిచిన ఒకే రంగు ఐకాన్ల సౌకర్యం, అది యాప్ చేసినవారు ప్రత్యేకంగా ఒక రంగులేని పొర ఇస్తేనే పనిచేసేలా వచ్చింది. లాన్‌చైర్‌తో లానికాన్స్ అనే ప్యాక్‌ను జోడిస్తే ఆ పొర ఇవ్వని యాప్‌లు చాలావాటికి కూడా అదే రూపం వస్తుంది.

అనుమతుల గురించి ఒక మాట. ఐకాన్ ప్యాక్‌కు కాంటాక్టులతో గాని, ఫైళ్ళతో గాని, స్థానంతో గాని పని లేదు, అడిగితే తీసేయండి. లాంచర్ నోటిఫికేషన్ చుక్కల కోసం నోటిఫికేషన్లు చదివే అనుమతిని, రెండుసార్లు తట్టి తెర ఆపడం కోసం యాక్సెసిబిలిటీ అనుమతిని అడగవచ్చు. రెండవది ఇచ్చాక కొన్ని బ్యాంకు యాప్‌లు తెరుచుకోవడానికి నిరాకరిస్తాయి. తట్టి ఆపే సౌఖ్యం కోసం అంత అవసరమా అన్నది చూసుకోండి.

అంతా కుదిరిన రోజున లాంచర్ సెట్టింగ్‌లలోని బ్యాకప్ ఎంపికతో ఒక ఫైల్ దాచుకుని, దాన్ని ఫోన్‌లో కాక మరోచోట ఉంచండి. ఆ ఫైల్‌లో ఉండేది అమరికే తప్ప ప్యాక్ కాదు. కొత్త ఫోన్‌లో ముందు ప్యాక్‌నూ మీ యాప్‌లనూ వేసుకుని, ఆ తరువాతే బ్యాకప్‌ను తిరిగి తెచ్చుకోవాలి. వరుస తప్పితే చేత్తో పెట్టిన బొమ్మలు పోయి, మళ్ళీ ఒక్కొక్కటిగా పెట్టుకోవలసి రావచ్చు.